పెళ్లి లైవ్‌లో 60 మందే కనిపించారు, మర్నాటికి 1,300 వ్యూస్ ఎలా వచ్చాయి?

ప్రశ్న: మా చెల్లి పెళ్లి యూట్యూబ్‌లో లైవ్ పెట్టించాం. లైవ్ నడుస్తున్నంతసేపూ ఎప్పుడు చూసినా 50, 60 మందే చూస్తున్నట్టు కనిపించింది. మర్నాడు చూస్తే 1,300 వ్యూస్ ఉన్నాయి. ఇందులో ఏది నిజం? వీడియోవాళ్లు వ్యూస్ కొన్నారా?

జవాబు: రెండూ నిజమే అయ్యుండొచ్చు. పెళ్లిళ్లకు లైవ్ ఇవ్వడమే నా పని, ఈ అనుమానం నాకు కొత్త కాదు.

పెళ్లి భోజనాల హాలు గుర్తు తెచ్చుకోండి. గుమ్మంలో నిలబడి చూస్తే ఏ క్షణానికైనా 200 మంది కూర్చుని ఉంటారు. సాయంత్రం వంటాయన మాత్రం వెయ్యి ఆకులు లేచాయంటాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, పంక్తులు మారాయంతే. లైవ్‌లో కనిపించిన 60 ఆ క్షణాన కూర్చున్నవాళ్లు, 1,300 లేచిన ఆకులు. ఇక్కడ ఒకే మనిషి రెండుసార్లు వచ్చి కూర్చుంటే రెండు ఆకులు.

ఈ రెండింటినీ కలిపేది ఒక్కొక్కరూ ఎంతసేపు ఉన్నారన్న లెక్క. నేను చేసిన ఒక పెళ్లి అంకెలు చెప్తాను. లైవ్ 4 గంటలు నడిచింది. సగటున ఏ క్షణానికైనా 45 మంది ఉన్నారు. అంటే అందరూ కలిసి చూసింది 45 × 4 = 180 గంటలు, నిమిషాల్లో 10,800. ఒక్కో వ్యూ సగటున 12 నిమిషాలు ఉంది. 10,800ను 12తో భాగిస్తే 900. లైవ్ ముగిసేసరికి ఉన్న వ్యూస్ సుమారు అంతే. జనం నాలుగు గంటలూ కదలకుండా చూసుంటే అదే 45 మందికి 45 వ్యూసే వచ్చేవి. పెళ్లి లైవ్ ఎవరూ అలా చూడరు కదా. ఆఫీసులో ఉన్నవాళ్లు తెరుస్తారు, పెళ్లికూతురు ఇంకా రాలేదని మూసేస్తారు, జీలకర్ర బెల్లం టైముకి మళ్లీ తెరుస్తారు. ఆ పెళ్లిలో సరిగ్గా ఆ ముహూర్తానికే 118 మంది ఉన్నారు. తలంబ్రాలు అయ్యాక పడిపోయి 30 దగ్గర ఆగింది.

మిగతా వ్యూస్ తర్వాత వచ్చినవి. లైవ్ అయిపోగానే అదే లింకు మీద రికార్డింగ్ ఉండిపోతుంది, ముహూర్తం వేళ నిద్రలో ఉన్న అమెరికా చుట్టాలు పొద్దున్నే లేచి చూస్తారు. అవీ ఆ అంకెలోనే కలుస్తాయి. చంద్రయాన్-3 దిగిన 2023 ఆగస్టు 23 సాయంత్రం ఇస్రో లైవ్‌లో ఒకే సమయంలో 80 లక్షల మందికి పైగా ఉన్నారు, అదే వీడియోకి వ్యూస్ మాత్రం కోట్లలో ఉన్నాయి. అదీ ఇదే తేడా.

వ్యూస్ అంకె కొన్నిసార్లు మా తప్పు వల్ల కూడా పెరుగుతుంది. ఒక కల్యాణ మండపంలో నెట్ పదే పదే పోయింది. బొమ్మ ఆగినప్పుడల్లా చూసేవాళ్లు పేజీని మళ్లీ తెరిచారు, అందరి తిట్లూ చాట్‌లోనే ఉన్నాయి. ఆ రోజు చూస్తున్నవాళ్ల సంఖ్య పడిపోయింది, వ్యూస్ మాత్రం బాగా వచ్చాయి. దాన్ని చూసి సంతోషపడటానికేమీ లేదు. దీనికి ఎదురుగా ఇంకోటి ఉంది: ఊళ్లో టీవీ ముందు పదిమంది కూర్చుని చూసినా రెండు అంకెల్లోనూ ఒక్కటే పడుతుంది. కాబట్టి 60 అంటే 60 మంది మనుషులని కాదు, 60 తెరలు.

కొన్నారో లేదో తేల్చుకోవాలంటే వీడియోవాళ్లను, ఛానల్ లెక్కలు చూపించే YouTube Studio తెరిచి ఆ వీడియో అనలిటిక్స్ చూపించమనండి. రెండు మూడు రోజులు ఆగి అడగండి, లెక్కలు అప్పటికి కుదురుకుంటాయి. లైవ్ గ్రాఫ్‌లో Peak concurrent viewers, అంటే ఒకే క్షణంలో అందరికంటే ఎక్కువమంది ఉన్న అంకె, ఏ టైముకి వచ్చిందో చూడండి. గ్రాఫ్ ముహూర్తం దగ్గర లేచి, భోజనాల వేళకి దిగితే మీ చుట్టాలే. గీత గీసినట్టు ఒకే ఎత్తులో పోయినా, ఒక్కో వ్యూ సగటున ఎంతసేపు ఉందో చెప్పే Average view duration పది, పదిహేను సెకన్లే ఉన్నా అనుమానించాల్సిందే. Unique viewers అని ఇంకో అంకె ఉంటుంది, ఎంతమంది చూశారన్నదానికి దగ్గరగా ఉండేది అదే. మా దగ్గర పెళ్లివాళ్లు అడిగితే నేను వ్యూస్ చెప్పను, ఆ అంకే చూపిస్తాను. ఎప్పుడూ వ్యూస్ కంటే తక్కువే ఉంటుంది, కొందరి మొహం చిన్నబోతుంది కూడా.