చదువు ఖర్చుకు జీతమే రుజువా?

ప్రశ్న: చదువుపై ఖర్చు పెట్టుబడేనని ప్రభుత్వాలు అంటాయి. ఆ లెక్కలో తప్పేమిటి?

తిరుపతి జిల్లా శ్రీసిటీ పారిశ్రామికవాడలోని కంపెనీలు ఇంటర్ వాళ్లకు నెలకు 12,000, డిప్లొమా వాళ్లకు 15,000 రూపాయలు ఇస్తున్నారనుకుందాం. ఆర్థికవేత్తలు షుల్ట్జ్, బెకర్‌ల మానవ మూలధన సిద్ధాంతం ప్రకారం ఆ 3,000 చదువు పెంచిన నైపుణ్యం విలువ. ప్రభుత్వం దాన్నే రాబడిగా చూపుతుంది.

1973లో మరో ఆర్థికవేత్త మైకేల్ స్పెన్స్ వేరే వివరణ ఇచ్చారు. సర్టిఫికెట్ పనితనం పెంచకపోయినా, చురుకైనవాళ్లెవరో యజమానికి తెలుపుతుంది. అదే నిజమైతే అందరికీ డిప్లొమా ఇచ్చినా ఉత్పత్తి పెరగదు, కంపెనీ బీటెక్ అడుగుతుంది.

ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చాలంటే పాస్ మార్కు కంటే ఒకటి రెండు మార్కులు ఎక్కువొచ్చి పాసైనవాళ్లనీ, ఒకటి రెండు తక్కువై తప్పినవాళ్లనీ పోల్చాలి. నైపుణ్యం దాదాపు సమానం కాబట్టి జీతంలో పెద్ద తేడా కనిపిస్తే అది చాలావరకు సర్టిఫికెట్‌కు పలికిన ధరే. ఈ పోలిక లేకుండా సగటు జీతాలతో కాలేజీల బడ్జెట్‌ను సమర్థించడం సరికాదు. చదవడం, లెక్కలు నేర్పే ప్రాథమిక బడులకు మాత్రం ఈ విమర్శ అంతగా తగలదు.