ఓనర్ సొంత అకౌంట్లో కలిసిపోయిన డిపాజిట్

ప్రశ్న: న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఒక ఇంట్లో 2023 ఆగస్టు 1 నుంచి అద్దెకు ఉంటున్నాం. అద్దె 2,200 డాలర్లు. చేరేటప్పుడు 3,300 డిపాజిట్ జెల్‌లో ఓనర్ అకౌంట్‌కి పంపాం. ఆయనా మనవాళ్లే, అన్నయ్యా అని పిలుస్తాం, వేరే టౌన్‌లో ఉంటారు. రెండేళ్లలో వడ్డీ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఇప్పుడు వచ్చే నెల నుంచి అద్దె 2,400 చేసి, డిపాజిట్ 5,000కి పెంచాలని ఇంకో 1,700 అడుగుతున్నారు. డిపాజిట్‌కి వడ్డీ ఇవ్వాలని ఆఫీసులో ఎవరో అన్నారు. నిజమేనా? ఆ డబ్బు విడిగా అకౌంట్లో ఉంచాలా? అడిగితే ఇల్లు ఖాళీ చేయమంటారేమో అని భయం.

జవాబు: రెండూ నిజమేనండీ. హైదరాబాద్‌లో అడ్వాన్స్ ఇస్తే ఖాళీ చేసే రోజున సున్నాలూ పెయింటింగులూ కోసుకుని మిగిలింది చేతిలో పెట్టడం మనకు అలవాటు. ఆ అలవాటే ఇక్కడికీ తెచ్చుకున్నాం, అద్దెకిచ్చేవాళ్లమూ, అద్దెకుండేవాళ్లమూ. న్యూజెర్సీలో మాత్రం సెక్యూరిటీ డిపాజిట్‌కి ఒక ప్రత్యేక చట్టమే ఉంది. రాష్ట్ర చట్టాల్లో 46:8-19 సెక్షన్ దగ్గర మొదలవుతుంది. దాని ప్రకారం మీరిచ్చిన 3,300 ఓనర్ డబ్బు కాదు, మీదే. ఆయన దగ్గర నమ్మకం మీద ఉంది, అంతే. తన సొంత డబ్బుతో కలపకూడదు. న్యూజెర్సీలోని బ్యాంకులో వడ్డీ వచ్చే ఖాతాలో వేయాలి. పదీ అంతకన్నా ఎక్కువ ఇళ్లు అద్దెకిచ్చే ఓనర్లకు ఖాతా ఎలాంటిదై ఉండాలన్న నియమాలు ఇంకాస్త గట్టిగా ఉంటాయి. మీ ఓనర్‌లాంటి చిన్నవాళ్లకు మామూలు సేవింగ్స్ ఖాతా చాలు. ముగ్గురు నలుగురు అద్దెదారుల డిపాజిట్లు ఒకే ఖాతాలో కలిపి ఉంచినా తప్పు లేదు. తన జీతమూ, కిరాణా ఖర్చూ నడిచే ఖాతాలో కలపడమే తప్పు.

అయితే ఓనర్ ఏ ఖాతాలో పెట్టారో మీకెలా తెలుస్తుంది? జెల్‌లో సొంత అకౌంట్‌కి వెళ్లిందన్నది ఒక్కటే సాక్ష్యం కాదు. తీసుకున్న మర్నాడే ఆయన దాన్ని వేరే ఖాతాకు మార్చి ఉండొచ్చు. అందుకే చట్టం ఆ భారం మీ మీద పెట్టలేదు. డబ్బు అందిన 30 రోజుల్లోగా ఓనరే మీకు రాతపూర్వకంగా తెలియజేయాలి: ఏ బ్యాంకు, దాని చిరునామా, ఎలాంటి ఖాతా, ప్రస్తుత వడ్డీ ఎంత, డిపాజిట్ చేసిన మొత్తం ఎంత. బ్యాంకు మారిస్తే మళ్లీ చెప్పాలి. ఏటా వడ్డీ ఇచ్చేటప్పుడూ చెప్పాలి. మీ లీజు కాగితాలు, ఈమెయిళ్లు, పోస్టులో వచ్చిన ఉత్తరాలు 2023 ఆగస్టు, సెప్టెంబర్ నాటివి ఒకసారి తిరగేయండి. కొంతమంది ఓనర్లు ఈ వివరాలను లీజులోనే చివరి పేజీలో రాస్తారు, మనం చదవకుండా సంతకం పెట్టేస్తాం. అలాంటిది ఏదీ లేకపోతే మీ చేతిలో అసలైన ఆయుధం అదే.

అసలు వడ్డీ చూస్తే నవ్వొస్తుంది. ఆయన ఏ పెద్ద బ్యాంకులోనో 0.01 శాతం ఇచ్చే సేవింగ్స్ ఖాతాలో పెట్టి ఉంటే ఏడాదికి మీకు వచ్చేది 33 సెంట్లు. చక్కగా 4 శాతం ఇచ్చే మనీ మార్కెట్ ఖాతా అయితే 132 డాలర్లు. వచ్చినది ఎంతైనా అంతా మీదే, ఓనర్ తన శ్రమకని కొంత ఉంచుకోవడానికి లేదు. ఏడాది నిండిన రోజున నగదుగా ఇవ్వొచ్చు, లేదా అద్దెలో తగ్గించొచ్చు. కానీ విడి ఖాతాలో పెట్టకపోయినా, ఆ 30 రోజుల నోటీసు ఇవ్వకపోయినా లెక్క మారిపోతుంది. అప్పుడు డిపాజిట్‌నూ, దాని మీద ఏడాదికి 7 శాతం వడ్డీనీ కలిపి అద్దె కింద జమ కట్టుకోమని మీరే రాతపూర్వకంగా చెప్పొచ్చు. అలా చెప్పాక ఆ ఇంటికి మీ నుంచి మళ్లీ డిపాజిట్ అడిగే హక్కు ఆయనకు పోతుంది.

మీ లెక్కే వేద్దాం. 3,300 మీద 7 శాతం అంటే ఏడాదికి 231. ఈ జులై ఆఖరుకు రెండేళ్లు, 462. మొత్తం 3,762. ఆగస్టు అద్దె 2,400 అందులోంచి పోతే 1,362 మిగులుతుంది. సెప్టెంబర్‌లో మీరు కట్టాల్సింది 1,038 మాత్రమే. అక్టోబర్ నుంచి మామూలే. మీ దగ్గర మొదట్లో తీసుకున్న డిపాజిట్ ఇక ఆయన దగ్గర ఉండదు. అలాగని మీరు గోడ పగలగొట్టి వెళ్లిపోతే ఆయన ఏమీ చేయలేరని కాదు. నష్టానికి కోర్టులో దావా వేసుకోవచ్చు.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోండి, చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మొదటి నోటీసు సరిగ్గా ఇచ్చి, విడి ఖాతాలోనే పెట్టి, ఏటా వడ్డీ ఇవ్వడమో ఏడాది నోటీసో మాత్రమే మర్చిపోయారనుకోండి. అప్పుడు వెంటనే అద్దెకు జమ కట్టుకోలేరు. ముందు ఆయన లోపాన్ని ఉత్తరంలో చెప్పి, 30 రోజుల గడువు ఇవ్వాలి. ఆ గడువులో సరిచేసుకుంటే విషయం అక్కడితో ముగిసినట్టే. ఆ 7 శాతం రాదు. కాబట్టి పాత కాగితాలు వెతకమన్నది ఊరికే కాదు.

ఏ దారైనా, నోటీసు లేకుండా అద్దె ఆపడం మాత్రం వద్దు. నా దగ్గరికి వచ్చిన ఒక దంపతులు సరిగ్గా అదే చేశారు. వెళ్లిపోయే నెల కదా, డిపాజిట్ ఉందిగా అని అద్దె మానేశారు. ఓనర్ అద్దె ఎగ్గొట్టారని కోర్టులో కేసు వేశాడు. కేసు తర్వాత కొట్టేశారు గానీ, కొత్త ఇల్లు వెతికినప్పుడు అద్దెదారుల స్క్రీనింగ్ రిపోర్టులో అది కనిపించి, రెండు అపార్ట్‌మెంట్లు చేజారాయి. ఉత్తరం ముందు, జమ తర్వాత. ఉత్తరంలో పెద్ద మాటలు అక్కర్లేదు. డిపాజిట్ ఎంత, ఏ తేదీన ఇచ్చారు, బ్యాంకు వివరాల నోటీసు అందలేదన్న సంగతి, 46:8-19 ప్రకారం 3,762ను ఆగస్టు, సెప్టెంబర్ అద్దెలకు ఇలా జమ చేసుకోండన్న లెక్క. సర్టిఫైడ్ మెయిల్‌లో, రిటర్న్ రిసీట్‌తో పంపండి. నకలు మీ దగ్గర ఉంచుకోండి. వాట్సాప్‌లో పంపి రెండు నీలం టిక్కులు చూసుకుంటే సరిపోదు.

అన్నయ్యా అని పిలిచే మనిషికి సర్టిఫైడ్ మెయిలా అని మీకు మనసొప్పదని తెలుసు. నేనైతే ముందు ఒక ఆదివారం ఫోన్ చేసి, "అన్నయ్యా, ఈ డిపాజిట్ ఏ బ్యాంకులో ఉందో ఒక కాగితం పంపండి, నా లెక్కలకు కావాలి" అంటాను. చాలామంది చిన్న ఓనర్లకు ఈ చట్టం ఉన్నట్టే తెలియదు. తెలిశాక వడ్డీ కట్టి, ఖాతా తెరిచి సర్దుకునేవాళ్లే ఎక్కువ. చట్టం ఇచ్చినదంతా పిండుకోవాలా, బంధం కోసం కొంత వదులుకోవాలా అన్నది మీ ఇష్టం. కానీ 1,700 విషయంలో మొహమాటపడొద్దు. డిపాజిట్ మొత్తం ఎప్పుడూ నెలన్నర అద్దె దాటకూడదు. 2,400కి నెలన్నర అంటే 3,600. పైగా ఏడాదికి పెంచేది ఉన్న డిపాజిట్‌లో పది శాతానికి, అంటే 330కి మించకూడదు. రెండూ కలిపి చూస్తే ఆయన అడగగలిగేది 300 మాత్రమే. అదీ మీరు పాత డిపాజిట్‌ను అద్దెకు జమ కట్టుకోకుండా ఉంటేనే.

ఖాళీ చేయమంటారన్న భయం గురించి. న్యూజెర్సీలో లీజు గడువు అయిపోయిందన్న ఒక్క కారణంతో ఖాళీ చేయించలేరు. చట్టం చెప్పిన కారణాల్లో ఏదో ఒకటి ఉండాలి. మీ ఇంటి విషయంలో ఆయనే వచ్చి ఉంటానన్నా, తానే ఉండటానికి కొనుక్కునేవాళ్లకు అమ్మినా అది కారణమవుతుంది. వడ్డీ అడిగారన్నది కారణం కాదు. ఇల్లు చేతులు మారినా మీ డిపాజిట్ బాధ్యత కొత్త యజమానిది. పాతాయన ఆ డబ్బు అప్పజెప్పకపోయినా సరే.

ఒకవేళ ఓనరు అదే ఇంట్లో ఒక భాగంలో ఉంటూ, అద్దెకిచ్చేవి రెండుకి మించకపోతే ఈ చట్టం దానంతటదే వర్తించదు. అద్దెదారు ఈ చట్టం నాకు వర్తింపజేయండి అని రాతపూర్వకంగా 30 రోజుల నోటీసు ఇస్తేనే మొదలవుతుంది. మీ ఓనర్ వేరే టౌన్‌లో ఉంటారు కాబట్టి మీకు ఆ బెడద లేదు. బేస్‌మెంట్‌లోనో పై అంతస్తులోనో అద్దెకుంటున్న స్నేహితులుంటే వాళ్లకు చెప్పండి.

మీరు ఎప్పటికైనా ఖాళీ చేస్తే, అప్పటికి డిపాజిట్ ఇంకా ఆయన దగ్గరే ఉంటే, 30 రోజుల్లో వడ్డీతో సహా తిరిగివ్వాలి. ఏమైనా కోసుకుంటే దేనికెంతో పద్దు రాసి ఇవ్వాలి. అన్యాయంగా ఆపుకున్నారని కోర్టు తేలిస్తే ఆపిన మొత్తానికి రెట్టింపు ఇప్పిస్తుంది. డిపాజిట్ తగాదాలు 5,000 డాలర్ల వరకు స్మాల్ క్లెయిమ్స్ కోర్టులోనే వేసుకోవచ్చు, వకీలు లేకపోయినా నడుస్తుంది.

ఈ సంగతులు డాలస్‌లో ఉన్న బంధువులకు పంపేముందు ఒక్క మాట. ఇవి న్యూజెర్సీవి. టెక్సస్‌లో ఓనర్ వడ్డీ ఇవ్వక్కర్లేదు, విడి ఖాతా తెరవక్కర్లేదు. మసాచుసెట్స్‌లో రెండూ తప్పనిసరి, తప్పితే శిక్ష ఇంకా గట్టిది. న్యూయార్క్‌లో ఓనర్ సొంత డబ్బుతో కలపడం ఎక్కడైనా నిషేధమే గానీ, వడ్డీ ఖాతా తప్పనిసరి అయ్యేది ఆరు లేదా అంతకన్నా ఎక్కువ ఇళ్లున్న భవనాల్లోనే.

చివరగా పన్ను. ఈ వడ్డీ మీ ఆదాయం. పది డాలర్ల లోపు అయితే బ్యాంకు నుంచి ఫారం రాదు, అయినా రిటర్న్‌లో చూపించాలి. మీ ఓనర్ ఇప్పుడు మేల్కొని ఖాతా తెరవబోతే, మీ చేత డబ్ల్యూ-9 ఫారం మీద సోషల్ సెక్యూరిటీ నంబర్ రాయమని అడగొచ్చు. వడ్డీ మీ పేరున లెక్క చూపించడానికి అది మామూలే. ఆ నంబర్ మాత్రం వాట్సాప్‌లో పంపకండి, కాగితం మీద రాసి చేతికివ్వండి.