క్లౌడ్‌లో గడువు తీరిన వీడియో పోలీసులు అడిగితే వస్తుందా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది హైదరాబాద్. ఇంటికి మూడు కెమెరాలున్నాయి. 3వ తేదీ రాత్రి పార్కింగ్‌లోంచి బండి పోయింది. మేం ఊరి నుంచి 12న వచ్చి చూస్తే యాప్‌లో ఆ రోజు క్లిప్పులు లేవు. మాది 7 రోజుల ప్లాన్. ఇప్పుడు 30 రోజుల ప్లాన్ తీసుకుంటే వస్తాయా? పోలీసులు అడిగితే కంపెనీ ఇవ్వాల్సిందేనా?

జవాబు: కొత్త ప్లాన్‌కి డబ్బు కట్టకండి. 3న పడిన క్లిప్ 10వ తేదీకల్లా సర్వర్‌లోంచి దానంతటదే పోతుంది. ప్లాన్ పెంచినా చెరిగిపోయింది వెనక్కి రాదు.

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద పోలీసులు కంపెనీని రికార్డు అడగొచ్చు. కానీ తన దగ్గర ఉన్నదే కంపెనీ ఇవ్వగలదు. మీ ప్లాన్ గడువు దాటాక కూడా దాచి ఉంచాలని ఈ సెక్షన్ ఎక్కడా చెప్పదు. అయినా ఈరోజే కంపెనీకి మెయిల్ పెట్టండి, తేదీ, సమయం, కెమెరా పేరు రాసి. పెద్దగా ఆశ మాత్రం వద్దు.

అసలు చూడాల్సింది ఇంకొకటుంది. మీ ప్లాన్ ఎన్ని కెమెరాలకు? బిల్లు తీసి చూడండి. ఒక్క కెమెరాకే అయితే, అది గేటు కెమెరా అయితే, పార్కింగ్ దృశ్యం క్లౌడ్‌కి ఎక్కనేలేదు. లైవ్ కనిపిస్తోంది కదా, రికార్డూ అవుతోందనే చాలామంది అనుకుంటారు.

అందుకే పార్కింగ్ కెమెరాలో మెమరీ కార్డు ఉందేమో చూడండి. ఉంటే ముందు కెమెరా ఆపేయండి. కార్డు నిండితే పాత వీడియో మీదే కొత్తది పడుతుంది, ప్రతి గంటా మీకు నష్టమే. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసే సెట్టింగ్ పెట్టి ఉంటే 3వ తేదీది ఇంకా మిగిలుండే అవకాశం ఎక్కువ. ఫార్మాట్ చేయమని యాప్ అడిగినా ఒప్పుకోకండి. కార్డు పోలీసులకిచ్చి పంచనామాలో రాయించండి.

ఇంట్లోవాళ్ల ఫోన్లలో ఆ రాత్రి వచ్చిన అలర్ట్ మిగిలిందేమో కూడా చూడండి. వీడియో లేకపోయినా సమయం తెలిస్తే వీధి కెమెరాల్లో ఎక్కడ వెతకాలో పోలీసులకు తెలుస్తుంది. వాటిలోనూ పాతది చెరిగిపోతుంటుంది కాబట్టి ఫిర్యాదు ఇంకా ఇవ్వకపోతే ఈరోజే ఇవ్వండి. ఊళ్లో లేనందువల్ల ఆలస్యమైందని అందులోనే రాయండి.

క్లిప్ దొరికితే వాట్సాప్‌లో పంపకండి. అలా పంపితే ఫైలు కుదించుకుపోయి దాని హ్యాష్ విలువ, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్, మారిపోతుంది. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం కాపీని కోర్టులో పెట్టాలంటే ధ్రువపత్రం కావాలి. అందులో ఒక భాగం మీది, రెండోది నిపుణుడిది. రెండింట్లోనూ ఆ హ్యాష్ విలువ రాయాలి.

ఇక కంపెనీ మీద వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడం. 7 రోజులని చెప్పి 7 రోజులే ఉంచితే కేసు నిలవదు. ఆ ఏడు రోజుల్లోపే క్లిప్ మాయమైనా, మూడు కెమెరాలకు డబ్బు తీసుకుని ఒక్కదానికే రికార్డు చేసినా అది సేవా లోపమే. రెండేళ్లలోపు వేయొచ్చు, ప్లాన్ కొన్నప్పటి స్క్రీన్‌షాట్, బిల్లు దాచుకోండి.