ఒకరికి తగ్గేలోపు ఇంకొకరికి సెగగడ్డ... పిన్నీసు పక్కన పెట్టండి

ప్రశ్న: మాది ఉప్పల్. ఆర్నెల్లుగా ఇంట్లో ఎవరో ఒకరికి సెగగడ్డ ఉంటూనే ఉంది. మొదట మా ఆయనకి నడుం మీద, తర్వాత నాకు తొడ మీద, ఇప్పుడు బాబుకి పైపెదవి మీద లేస్తోంది. అత్తయ్యకి ఒక్కటీ రాలేదు. ఆవిడే పిన్నీసు కాల్చి పొడిచి, చీము పిండేస్తారు. ఇదంతా వేడి చేయడం వల్లేనా?

డాక్టర్ సలహా: వేడి కాదమ్మా, స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా. సుమారు ప్రతి ముగ్గురిలో ఒకరికి ఇది ముక్కు రంధ్రాల ముందు భాగంలో ఉంటుంది, ఏ ఇబ్బందీ పెట్టదు. గడ్డ రాని మీ అత్తయ్యగారి ముక్కులోనూ ఉండొచ్చు. ముక్కు తాకిన చెయ్యి, బాత్రూమ్‌లో ఒకే కొక్కేనికి వేలాడే తడి టవల్, అందరూ వాడే రేజర్, వీటితో అది ఒకరి నుంచి ఒకరికి చేరుతుంది. గీరుకున్న చోటో, వెంట్రుక కుదురులోనో దారి దొరికితే గడ్డ కడుతుంది.

ఇక పిండటం సంగతి. చీము చుట్టూ శరీరం ఒక గోడ కట్టుకుంటుంది. మీరు నొక్కినప్పుడు పైకి కొంచెం చీము వస్తుంది కానీ ఆ గోడ లోపలివైపు చిట్లితే మిగతాది చుట్టూ ఉన్న కండలోకీ, ఒక్కోసారి రక్తంలోకీ పోతుంది. పిన్నీసు కాల్చినా చర్మం మీది క్రిములూ, పిండే వేళ్ళ మీది క్రిములూ అలాగే ఉంటాయి, పైగా అంత చిన్న రంధ్రంలోంచి లోపలి అరల్లోని చీము బయటికి రాదు. మేం మత్తిచ్చి కాస్త వెడల్పుగా కోసి, ఆ అరలు విడగొట్టి, కొంచెం చీమును కల్చర్ పరీక్షకి పంపిస్తాం. మామూలు యాంటీబయాటిక్‌కి లొంగని ఎంఆర్ఎస్ఏ రకమా కాదా అన్నది అక్కడే తెలుస్తుంది. మెడికల్ షాపులో అడిగి నాలుగు మాత్రలు వేసుకుంటే తెలియదు.

ఇంట్లో చేయగలిగింది కాపడం. గోరువెచ్చని నీళ్ళలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డ, పది పదిహేను నిమిషాలు, రోజుకి మూడు నాలుగు సార్లు. దానంతట అదే పగిలితే గాజుగుడ్డతో కప్పి చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆయనా మీరూ ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకోండి.

ఉన్న గడ్డలు మానాక, ముక్కులో, చర్మం మీద ఉన్న ఈ బాక్టీరియాని వదిలించుకోవడానికి అత్తయ్యగారితో సహా అందరూ ఒకేసారి చేయాల్సిన కోర్సు ఒకటుంది, మీ డాక్టర్ రాసిస్తారు. సాధారణంగా 5 రోజులు, రోజుకి రెండుసార్లు ముక్కు రంధ్రాల్లో ముపిరోసిన్ ఆయింట్‌మెంట్, రోజూ క్లోర్‌హెక్సిడిన్ ద్రావణంతో మెడ నుంచి కిందికి స్నానం. కళ్ళలో, చెవుల్లో పడనివ్వకండి. ఆ రోజుల్లో టవళ్ళు, దుప్పట్లు, లోదుస్తులు వేడినీళ్ళలో ఉతకాలి, టవల్ ఎవరిది వాళ్ళకే. ఒక్కరే వాడితే పక్కవాళ్ళ నుంచి మళ్ళీ అంటుకుంటుంది. అలాగని ఆయింట్‌మెంట్ నెలల తరబడి రాస్తే అది పనిచేయడం మానేస్తుంది.

బాబు గడ్డని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకండి. ముక్కు, పైపెదవి దగ్గరి రక్తనాళాలకి మెదడు దగ్గరి నాళాలతో సంబంధం ఉంటుంది, ఇన్ఫెక్షన్ అటు పోతే ప్రాణం మీదికి వస్తుంది. రేపే డాక్టర్‌కి చూపించండి. ఈలోపు జ్వరం, కంటి చుట్టూ వాపు, విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకండి, రాత్రయినా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.