పదహారు షాట్లు, ఒక ఫొటో

ప్రశ్న: నా 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 16 షాట్ల పిక్సెల్ షిఫ్ట్ మోడ్ ఉంది. వాటిని కలిపితే 96 మెగాపిక్సెల్ ఫొటో వస్తుంది. ట్రైపాడ్ మీద పెట్టి, 50 ఎంఎం లెన్స్‌తో f/16 దగ్గర చెట్లు తీస్తే ఆకుల అంచుల్లో గళ్లు గళ్లుగా వచ్చింది. అదే f/5.6 దగ్గర పెయింటింగ్ తీస్తే అదిరింది. ఎందుకిలా?

జవాబు: ముందు ఆకుల సంగతి చూద్దాం. ఈ మోడ్‌లో సెన్సర్ షాట్ షాట్‌కీ ఒక పిక్సెలో, అర పిక్సెలో పక్కకు జరుగుతుంది. మీ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ సుమారు 6 మైక్రాన్లు. 50 ఎంఎం లెన్స్‌తో తీస్తే 10 మీటర్ల దూరంలోని ఆకు సెన్సర్ మీద 200 రెట్లు చిన్నదిగా పడుతుంది. కాబట్టి అక్కడ ఆకు 0.6 మిల్లీమీటర్లు కదిలితే ఇక్కడ అర పిక్సెల్ తప్పినట్టే. 16 షాట్లు అయ్యేలోపు ఏ ఆకు అంత కుదురుగా ఉంటుంది?

గాలి పూర్తిగా ఆగినా f/16 మిమ్మల్ని ముంచేది. అంత చిన్న అపర్చర్‌లో దూరే కాంతి ఒక్క చుక్కగా పడదు, 21 మైక్రాన్ల వెడల్పున, అంటే మూడున్నర పిక్సెళ్ల మేర పరుచుకుంటుంది. లెన్సే చెరిపేసిన వివరాన్ని సెన్సర్ ఎన్నిసార్లు జరిగినా తేలేదు. f/5.6 దగ్గర ఆ మచ్చ 7.5 మైక్రాన్లే. అక్కడ వెతకడానికి ఏదో ఉంది.

అలాగని 96 మెగాపిక్సెళ్లనూ నమ్మేయకండి. సెన్సర్ అర పిక్సెల్ జరిగినా పిక్సెల్ సైజు మాత్రం తగ్గదు. పక్కపక్క కొలతలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. అందుకే కాగితం మీద అడ్డంగా, నిలువుగా రెట్టింపు అనిపించే వివరం చేతికి అంతకన్నా తక్కువే వస్తుంది. పెయింటింగ్ అదరడానికి సగం కారణం రంగు. మామూలు షాట్‌లో ఒక్కో పిక్సెల్ ఒక్క రంగునే చూస్తుంది, మిగతా రెండూ ఊహించినవే. ఇక్కడ ప్రతి చోటా మూడు రంగులూ నిజంగా నమోదవుతాయి కాబట్టి కాన్వాస్ నేత మీద లేనిపోని రంగు చారలు రావు. ఈ లాభం 4 షాట్ల మోడ్‌లోనూ దక్కుతుంది, ఫైలు మాత్రం 24 మెగాపిక్సెళ్లే. నేనైతే చాలాసార్లు అక్కడితోనే ఆగిపోతాను.

16 షాట్ల ఫొటో నిజంగా గెలిచిందో లేదో తేల్చుకోవాలంటే అదే f/5.6 దగ్గర తీసిన ఒక్క షాట్‌ను 96 మెగాపిక్సెళ్లకు పెంచి, రెండింటికీ తగినంత షార్పెనింగ్ ఇచ్చి, ఒకే మూలను పక్కపక్కన పెట్టి చూడండి. నాయిస్ తగ్గిందని మురిసిపోవద్దు. కెమెరాను కదపకుండా తీసిన 16 షాట్లను సగటు చేసినా అది తగ్గుతుంది. ఒక్క షాట్‌లో కలిసిపోయిన రెండు దారపు పోగులు ఇందులో విడివిడిగా కనబడితేనే అది అసలైన రిజల్యూషన్.

పెయింటింగ్‌కీ గళ్లు రావచ్చు. ఓసారి షాట్లు నడుస్తుండగా నేను చెక్క నేల మీద రెండడుగులు వేశాను, ఫ్రేమ్ మొత్తం గళ్లమయం. కదిలిన వస్తువు చుట్టూ మాత్రమే గళ్లుంటే తప్పు సబ్జెక్టుది. ఫొటో అంతటా ఉంటే ముందు ట్రైపాడ్‌నీ, దాని కింద నేలనీ అనుమానించండి.