అమ్మ ఎఫ్‌డీకి నా పేరు మీద నోటీసు

నేను ప్రైవేటు ఉద్యోగిని. 2024-25కి ఎఫ్‌డీ వడ్డీ రూ.1,12,000 చూపలేదని ఐటీ నోటీసు వచ్చింది. అందులో రూ.92,000 అమ్మ రిటైర్మెంట్ డబ్బుతో వేసిన జాయింట్ ఎఫ్‌డీది, మొదటి పేరు నాది. మిగతా రూ.20,000 నాదే, మర్చిపోయాను. టీడీఎస్ రూ.11,200 మాత్రం నా రిటర్నులో క్లెయిమ్ చేశాను. గడువు డిసెంబరు 10. ఏమని జవాబు రాయాలి?

ముందు incometax.gov.in లో ఆ నోటీసు మీద ఉన్న డిన్ నంబరు కొట్టి, అది అసలుదేనా చూడండి. అసలుదైతే టెన్షన్ అక్కర్లేదు. జాయింట్ ఎఫ్‌డీ వడ్డీని బ్యాంకులు మామూలుగా మొదటి పేరున్న వారి పాన్ మీదే చూపిస్తాయి. అందుకే అమ్మ వడ్డీ, పాన్ వారీగా ఆదాయాలు చూపే మీ ఏఐఎస్‌లోకి వచ్చింది.

అయితే ఒక్క చోట మీ కేసు బలహీనంగా ఉంది. వడ్డీ అమ్మదంటూనే దాని మీద కోసిన రూ.9,200 టీడీఎస్ మీరు తీసుకున్నారు. ఆదాయం ఎవరిదైతే టీడీఎస్ కూడా వారిదే. అధికారి మొదట పట్టుకునేది ఇదే.

కాబట్టి జవాబు కంటే ముందు రివైజ్డ్ రిటర్ను వేయండి. 2024-25 రిటర్నుకు దాని గడువు 2025 డిసెంబరు 31, కానీ నోటీసు గడువులోపే వేస్తే జవాబుకు జతచేయొచ్చు. అందులో మీ రూ.20,000 కలిపి, టీడీఎస్ రూ.2,000 మాత్రమే ఉంచండి. పన్ను తేడా, వడ్డీ ఉంటే కట్టేయండి. డిసెంబరు దాటితే అప్‌డేటెడ్ రిటర్నే దిక్కు, పన్ను, దాని వడ్డీ మీద కనీసం 25 శాతం అదనం.

ఇక అమ్మ భాగం. ఇక్కడ పేరు కాదు, డబ్బు ఎవరిదన్నదే ముఖ్యం. ఆవిడ ఆ డబ్బు మీకు ఇచ్చేసి ఉంటే వడ్డీ మీదే అవుతుంది, ఈ వాదన నిలవదు. ఆవిడదే అయితే మూడు కాగితాలు చాలు: రిటైర్మెంట్ సొమ్ము ఆవిడ ఖాతాలో పడి అక్కడి నుంచి ఎఫ్‌డీకి వెళ్లినట్టు స్టేట్‌మెంట్, వడ్డీ ఆవిడ ఖాతాకే జమైనట్టు పేజీలు, రూ.92,000 చూపిన ఆవిడ రిటర్ను. చూపకపోయి ఉంటే ఆవిడ చేత కూడా రివైజ్ చేయించండి. ఆ రిటర్ను లేకపోతే మిగతా రెండూ అంత నిలబడవు.

ఏఐఎస్‌లో ఆ ఎంట్రీకి వేరే పాన్‌కు చెందిందన్న ఆప్షన్ పెట్టి అమ్మ పాన్ ఇవ్వండి. తర్వాత e-Proceedings లో జవాబు నాలుగు వాక్యాల్లో చాలు: మొత్తం ఎంత, అందులో నాది ఎంత, అమ్మది ఎంత, జతచేసినవి ఏవి. అంకెలు కలిపితే సరిగ్గా రూ.1,12,000 రావాలి. కథ రాయకండి. పంపాక వచ్చే రసీదు దాచుకోండి.

ఆ రూ.9,200 అమ్మకు మళ్లడానికి, ఆవిడ పాన్ రాసి మీరు బ్యాంకుకు డిక్లరేషన్ ఇవ్వాలి. పాత ఏడాదికి బ్యాంకులు తొందరగా కదలవు, నాలుగుసార్లు తిరగాల్సి రావచ్చు. ఎఫ్‌డీ రెన్యువల్ అప్పుడు మాత్రం మొదటి పేరు అమ్మదే వేయించండి.