పచ్చగా ఉన్నదంతా బూజు కాదు, తెల్లగా ఉన్నదంతా పుట్టగొడుగు కాదు

ప్రశ్న: సార్, మాది మదనపల్లె. ఇప్పుడు బెంగళూరులో హొసకోటె దగ్గర షెడ్డు అద్దెకు తీసుకుని 30 ఆయిస్టర్ పుట్టగొడుగుల బ్యాగులు పెట్టాను. ఈరోజు పదో రోజు. మూడు బ్యాగుల మీద అనుమానంగా ఉంది, ఫొటోలు పంపాను. ఏది బూజు? అన్నీ పారేయాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: పారేయాల్సింది రెండో ఫొటోలోని బ్యాగు ఒక్కటే.

అందులో అరచేయంత మచ్చ ఉంది. నడుమ ముదురు పచ్చ, చుట్టూ పలుచని తెల్లటి అంచు. ఇది ట్రైకోడెర్మా. వేరుశనగలో వేరుకుళ్లుకు పశువుల ఎరువులో కలిపి చల్లుతామే, ఆ జాతి శిలీంధ్రమే. పొలంలో చుట్టం, షెడ్డులో శత్రువు. ఇది కూడా మొదట తెల్లగానే వస్తుంది, విత్తనాలు (స్పోర్లు) కట్టాకే పచ్చబడుతుంది. అందుకే రంగు కోసం కాచుకోకండి, అంచు చూడండి. స్పాన్ అంటే మనం వేసిన పుట్టగొడుగు విత్తనం; మంచి స్పాన్ దారాలు గింజ దగ్గర మొదలై, వేళ్లలా పాయలుగా గడ్డిని అల్లుకుంటూ పోతాయి. బూజు తెలుపుకు ఆ పాయలు ఉండవు, పిండి అద్దినట్టు పరుచుకుంటుంది. అనుమానం వస్తే కవరు మీద మార్కరు పెన్నుతో అంచు గీసి, మర్నాడు అదే చోట మళ్లీ ఫొటో తీయండి. గీత దాటి బాగా పాకి, నడుమ పచ్చ తిరిగితే ఇక సందేహం లేదు.

మూడో ఫొటోలో తెలుపు చిక్కగా ఉంది, పసుపు నీటి బొట్లు ఉన్నాయి. అవి దారాలే వదిలిన నీళ్లు. బ్యాగు వేడెక్కినా వస్తాయి, పక్కన బూజు తగిలినా వస్తాయి. ఆ బ్యాగును విడిగా పెట్టి రెండు రోజులు గమనించండి.

మొదటి ఫొటో పెద్దది చేసి చూశాను. ఆ పచ్చ సూదిలా నిలువుగా ఉంది. అది గడ్డిలో మిగిలిన వడ్లగింజ మొలక! బూజు కాదు గానీ, అసలు సంగతి చెబుతున్నది అదే. 80 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉడికిన వడ్లు మొలవవు. మీరు వేడినీళ్ల పద్ధతే చేసుంటే, గోనెసంచి నడుమకు ఆ వేడి అందలేదన్నమాట. రెండో బ్యాగులో బూజు బతకడానికీ కారణం అదే కావచ్చు. ఈసారి సంచిలో గడ్డి కుక్కకండి. గడ్డి వేయగానే నీళ్లు చల్లబడతాయి కాబట్టి, మళ్లీ 80కి వచ్చాకే గంట లెక్కపెట్టండి.

బూజు బ్యాగును షెడ్డులో విప్పొద్దు, పచ్చపొడి గాలిలో లేస్తుంది. పైన ఇంకో కవరు తొడిగి, బయటికి తీసుకెళ్లి, గడ్డివామికి దూరంగా లోతుగా పూడ్చండి. ఆ చేతులతోనే మిగతా బ్యాగులు ముట్టుకోకండి.

ఇకపై ఫొటోలు ఫ్లాష్ లేకుండా, పగటి వెలుతురులో, పక్కన తెల్లకాగితం పెట్టి తీయండి. మీ గ్రీన్ నెట్ కింద తీసిన ఫొటోలో ఆ కాగితమూ పచ్చగానే పడుతుంది.